ఆరు లాట్లు అమ్మిన మెంబర్: కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే కేస్

మా ట్రేడింగ్ క్లబ్‌లో కొత్త బ్యాచ్ చేరినప్పుడల్లా మొదటి రోజు నేను మాట్లాడాలి, అది నా పని. అందరూ నోట్‌బుక్ తెరిచి ఏ ఇండికేటర్ చెప్తాడా అని చూస్తుంటారు. నేను మాత్రం ఒక మెంబర్ కేస్ చెప్తాను, మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడో ఆగి ఆగి చెప్తాను. అదే ఇక్కడ రాస్తున్నా. ఆయన అనుమతితోనే చెప్తున్నా, ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, ప్రీమియం అంకెలు, అంటే ఆప్షన్ ధరలు, కొంచెం రౌండ్ చేశాను. నిఫ్టీ అంకెలు మాత్రం నిజమైనవే, ఎవరైనా చార్ట్ తీసి చూసుకోవచ్చు.

కేస్‌కి ముందు ఒక్క విషయం. 2024 సెప్టెంబర్‌లో మార్కెట్ రెగ్యులేటర్ సెబీ ఒక స్టడీ బయటపెట్టింది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ చేసిన ఇండివిడ్యువల్ ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటిందని అందులో ఉంది. ఈ అంకె చెప్పగానే గదిలో ప్రతి ఒక్కరూ మిగతా 7 శాతంలో తామే ఉంటామని అనుకుంటారు, అది మొహాల్లోనే కనిపిస్తుంది. అందుకే అంకె దగ్గర ఆగకుండా మనిషి గురించి చెప్తాను.

ఎవరు, ఎలా వచ్చాడు

వయసు ముప్పై దాటింది, ప్రైవేట్ ఉద్యోగం, పెళ్ళయింది. సేవింగ్స్ కొంత, పర్సనల్ లోన్ కొంత కలిపి 5 లక్షలతో ట్రేడింగ్ మొదలుపెట్టాడు. 2024 ఏప్రిల్ చివర్లో మా దగ్గరికి వచ్చేసరికి 3.8 లక్షలు ఉంది. నిఫ్టీ వీక్లీ ఆప్షన్స్ కొనడమే పని, అంతా ఇంట్రాడే.

వచ్చి అడిగిన మొదటి మాట "అన్నా, నా ఎంట్రీ ఇంకొంచెం బాగుంటే చాలు, మిగతాదంతా సెట్ అయింది". అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు, ఎందుకంటే పది ట్రేడ్లు చేస్తే ఏడు లాభంలోనే మూసేవాడు. పదిలో ఏడు కరెక్ట్ అయినవాడికి తన పద్ధతిలో తప్పుందని ఎవరు చెప్పినా ఎక్కదు.

ప్రతి ట్రేడ్‌కి బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్స్ అన్నీ తీసుకురమ్మన్నాను. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా నేను అడిగేది అవే, స్క్రీన్‌షాట్లు కాదు. స్క్రీన్‌షాట్‌లో మనకి గుర్తుంచుకోవాలనిపించిన ట్రేడే ఉంటుంది, కాంట్రాక్ట్ నోట్‌లో అన్నీ ఉంటాయి, చార్జీలతో సహా. ఇద్దరం కూర్చుని ఒక షీట్‌లో ఎక్కించాం. లాభం వచ్చినప్పుడు సగటున 1,500 వస్తోంది, నష్టం వచ్చినప్పుడు సగటున 6,000 పోతోంది. అంటే పది ట్రేడ్లలో ఏడు గెలిస్తే 10,500 వస్తుంది, మూడు ఓడితే 18,000 పోతుంది, నికరంగా 7,500 నష్టం. ఎంట్రీ ఇంకా బాగుపడి పదిలో ఎనిమిది గెలిచినా 12,000 వచ్చి 12,000 పోతుంది, అక్కడికి సున్నా, చార్జీలు అదనం. అసలు సమస్య ఓడిపోయిన ట్రేడ్ సైజులో ఉంది, ఎంట్రీ ఎంత బాగు చేసినా అది తీరేది కాదు. ఇది పేపర్ మీద చూశాక కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే స్టాప్ లాస్ పెట్టాలి, అంతే కదా" అన్నాడు.

అంతే కాదు గానీ, అప్పటికి అక్కడితో మొదలుపెట్టాం.

మొదటి ప్రయత్నం: ఒక్క శాతం రూల్

క్లబ్‌లో అందరికీ చెప్పే రూల్ ఒకటుంది, ఒక ట్రేడ్‌లో క్యాపిటల్‌లో ఒక్క శాతానికి మించి పోకూడదు. అతనికి అది 3,800. సరే అన్నాడు, రాసుకున్నాడు, మర్నాటి నుంచే పాటించాడు కూడా. కానీ నెల తిరిగేసరికి పరిస్థితి ఇంకా పాడైంది, రోజూ చిన్న చిన్న నష్టాలే, అవే కలిసి ముందుకంటే ఎక్కువ అవుతున్నాయి. రూల్ పాటిస్తున్నా ఎందుకిలా అని ట్రేడ్లన్నీ మళ్ళీ తీశాం.

విషయం ఏంటంటే అతను లాట్లు, అంటే ఆప్షన్స్ కొనే కట్టలు ఎన్నో, ముందే ఫిక్స్ చేసుకునేవాడు. ఎప్పుడూ 20 లాట్లే, ఎందుకంటే అలవాటు అది. అప్పటి నిఫ్టీ లాట్ 25, అంటే 500 క్వాంటిటీ. 3,800ని 500తో భాగిస్తే ఏడున్నర పాయింట్లు వస్తాయి. కాబట్టి 150 ప్రీమియం ఉన్న కాల్ కొని ఏడు పాయింట్ల కింద స్టాప్ పెట్టేవాడు. వీక్లీ ఆప్షన్‌లో ఏడు పాయింట్లు అంటే ఒక నిమిషం క్యాండిల్‌లో అటూ ఇటూ తిరిగే దూరం. స్టాప్ కొట్టేది, అక్కడి నుంచి అతను అనుకున్న వైపే మార్కెట్ వెళ్ళేది. ఇలా వరసగా జరిగితే ఎవరికైనా ఏమనిపిస్తుంది, "ఎవడో నా స్టాప్ చూసి కొడుతున్నాడు అన్నా" అని గట్టిగా నమ్మడం మొదలుపెట్టాడు. అతని 500 క్వాంటిటీని వేటాడాల్సిన అవసరం నిఫ్టీ ఆప్షన్స్‌లో ఎవరికీ లేదు, కానీ ఆ మాట చెప్తే వినే స్థితిలో లేడు.

ఇక్కడ కొత్తవాళ్ళు బాగా పట్టుకోవాల్సిన పాయింట్ ఉంది. రూల్ ఒకటే, లెక్క చేసే వరస తిరగబడింది. స్టాప్ ఎక్కడ ఉండాలో చార్ట్ చెప్పాలి, అంటే ఏ ధర దగ్గర మన ఐడియా తప్పని తేలుతుందో అక్కడ. ఆ దూరాన్ని బట్టి లాట్లు ఎన్నో రావాలి. ఇతను లాట్లు ముందు పెట్టుకుని, మిగిలిన డబ్బుని బట్టి స్టాప్‌ని లాక్కొచ్చి దగ్గర పెట్టాడు. చార్ట్‌కి అతని 3,800తో ఏం సంబంధం లేదు కదా.

ఇదంతా వివరంగా చెప్పాను, బోర్డు మీద వేసి చూపించాను. అర్థమైందన్నాడు. 20 లాట్లు వేసే చేతికి మూడు లాట్లు అంటే ఆట వస్తువులా ఉందని కూడా అన్నాడు. ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను, ఎందుకంటే మనిషికి లెక్క అర్థం కావడం వేరు, తక్కువ క్వాంటిటీతో కూర్చోగలగడం వేరు. మే చివరికి అకౌంట్‌లో 3.2 లక్షలు మిగిలింది.

కొనడం మానేసి అమ్మడం

స్టాప్‌లు కొడుతున్నాయి కాబట్టి అతను ఒక దారి వెతుక్కున్నాడు, ఆప్షన్ సెల్లింగ్. కొంటే టైమ్ మనకి ఎదురు, అమ్మితే టైమ్ మన వైపు, రోజూ ప్రీమియం కరుగుతుంది. మాట నిజమే, అది తప్పు థియరీ కాదు. అయితే అమ్మేవాడికి లాభం ఎంతో ముందే తెలుసు, నష్టానికి హద్దు తెలియదు. అతను సెల్లింగ్ మొదలుపెట్టిన సంగతి క్లబ్‌లో చెప్పలేదు, చిన్నగా చేసి చూపించాక చెప్దాం అనుకున్నాడట.

ఇప్పుడు 2024 జూన్ మొదటి వారం. లోక్‌సభ ఎన్నికలు, జూన్ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి, దాదాపు అన్నీ అధికార కూటమికి భారీ మెజారిటీ చూపించాయి. అంతకుముందు శుక్రవారం నిఫ్టీ దాదాపు 22,530 దగ్గర మూసింది. జూన్ 3 సోమవారం ఒక్కరోజే 733 పాయింట్లు పెరిగి 23,263 దగ్గర మూసింది. మర్నాడు కౌంటింగ్.

సోమవారం మధ్యాహ్నం అతను 22,500 పుట్, అంటే నిఫ్టీ 22,500 కిందకి పోతే అమ్మినవాడు నష్టం కట్టాల్సిన ఆప్షన్, ఆరు లాట్లు అమ్మాడు, జూన్ 6 గురువారం ఎక్స్‌పైరీ, ప్రీమియం 90. అతని ఆలోచన చూడండి, పిచ్చి ఆలోచనేం కాదు. మార్కెట్ 23,260 దగ్గరుంది, 22,500 అంటే ఎగ్జిట్ పోల్స్ రాకముందు శుక్రవారం ఉన్న చోటు. ఫలితం కాస్త అటూ ఇటూ వచ్చినా పాత చోటికంటే కిందకి ఎందుకు పోతుంది, పైగా మూడు రోజుల్లో 760 పాయింట్లు పడాలి. ఎలక్షన్ భయం వల్ల ప్రీమియం కూడా బలిసి ఉంది, కౌంటింగ్ అయిపోగానే కరుగుతుంది.

లాట్లు ఆరు ఎందుకు? ఒక లాట్ అమ్మడానికి బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన మార్జిన్ దాదాపు 50 వేలు, అకౌంట్‌లో 3.2 లక్షలు, ఆరు పడతాయి. ఇదే కారణం, ఇంకేం లేదు. ఎంత పోతే తట్టుకోగలనో చూసి పెట్టిన అంకె కాదు అది, బ్రోకర్ ఎన్ని ఇస్తే అన్ని.

స్టాప్ కూడా పెట్టాలనుకున్నాడు, ప్రీమియం డబుల్ అయితే బయటికి. 90 పెరిగితే 150 క్వాంటిటీకి 13,500 నష్టం. వస్తే మొత్తం లాభం కూడా 13,500. సమానంగా ఉంది కదా అనుకున్నాడు. ఒక్క శాతం రూల్ ప్రకారం అతని హద్దు 3,200, లాట్‌కి 2,250 చొప్పున ఒక్క లాట్ మాత్రమే రావాలి. "ఈ ఒక్కసారికి" అనుకున్నాడట.

జూన్ 4

మంగళవారం పొద్దున మార్కెట్ తెరవగానే స్టాప్ ఆర్డర్ పెట్టాడు, ట్రిగర్ 180, లిమిట్ 185. ఇక్కడ కొత్తవాళ్ళకి తెలియని ముక్క ఒకటుంది. ఎన్ఎస్ఈ 2021 సెప్టెంబర్‌లో ఆప్షన్స్‌కి స్టాప్ లాస్ మార్కెట్ ఆర్డర్లు ఆపేసింది, అప్పటి నుంచి స్టాప్ లాస్ లిమిట్ మాత్రమే ఉంది. అంటే ధర ట్రిగర్‌ని తాకితే మీ తరఫున ఒక లిమిట్ ఆర్డర్ మార్కెట్‌లోకి వెళ్తుంది, అంతే. ఆ లిమిట్ లోపల అమ్మేవాడు దొరికితేనే అది పూర్తవుతుంది. ధర 178 నుంచి ఒక్కసారిగా 195కి దూకితే మీ 185 ఆర్డర్ అక్కడే పెండింగ్‌లో నిలబడిపోతుంది, ధర తిరిగి వస్తే తప్ప దానికి పని లేదు. స్టాప్ పెట్టాను అన్న ధైర్యం మాత్రం మీకు ఉంటుంది.

అతనికి అదే జరిగింది. కౌంటింగ్ ట్రెండ్స్ ఎగ్జిట్ పోల్స్‌లా లేవని తెలిసేకొద్దీ నిఫ్టీ పడుతూ పోయింది, వోలటిలిటీ సూచీ ఇండియా విక్స్ 30 దాటింది. ఆరు లాట్లలో రెండు 185 దగ్గర పూర్తయ్యాయి, నాలుగు మిగిలిపోయాయి. అతను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాడు. ట్రిగర్ కొట్టినట్టు నోటిఫికేషన్ చూశాడు, బయటపడ్డాను, 13 వేలు పోయింది, సర్లే అనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం మళ్ళీ యాప్ తెరిస్తే నాలుగు లాట్లు ఓపెన్‌లోనే ఉన్నాయి, ప్రీమియం వెయ్యి దాటింది.

1,050 దగ్గర మూశాడు. రెండు లాట్లలో 95 చొప్పున 4,750, నాలుగు లాట్లలో 960 చొప్పున 96,000, మొత్తం 1,00,750. వేసుకున్న ప్లాన్‌లో నష్టం 13,500. అకౌంట్‌లో 31 శాతం పైగా ఒక్క పూటలో పోయింది, మిగిలింది 2.19 లక్షలు. అక్కడి నుంచి మళ్ళీ 3.2కి రావాలంటే దాదాపు 46 శాతం సంపాదించాలి.

ఆ రోజు నిఫ్టీ కింద 21,281 దాకా వెళ్ళి 21,884 దగ్గర మూసింది, 1,379 పాయింట్ల పతనం.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది

ఇంతవరకే అయితే ఈ కేస్ నేను రాసేవాణ్ణి కాదు, రూల్ మీరి దెబ్బ తిన్న కథలు చాలా ఉన్నాయి. బుధవారం నిఫ్టీ మూడు శాతం పైగా లేచింది. గురువారం, అంటే ఎక్స్‌పైరీ రోజు, 22,821 దగ్గర మూసింది. 22,500 పుట్ సున్నా అయిపోయింది. అతను ఏమీ చేయకుండా కూర్చుని ఉంటే 13,500 లాభం వచ్చేది.

గురువారం సాయంత్రమే నా దగ్గరికి వచ్చాడు. మొహంలో బాధ కంటే కోపం ఎక్కువుంది. "చూశారా అన్నా, నా వ్యూ కరెక్ట్. స్టాప్ పెట్టినందుకు, భయపడి మూసినందుకు లక్ష పోయింది. ఊరికే ఉండుంటే లాభమే కదా." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మార్కెట్ అతనికి తప్పు పాఠాన్ని రుజువుతో సహా చేతిలో పెట్టింది. నష్టం కంటే ప్రమాదం ఇదే అనుకున్నాను, ఎందుకంటే ఈ పాఠం పట్టుకుని వెళ్తే మరోసారి స్టాప్ లేకుండా కూర్చుంటాడు.

వాదించి లాభం లేదు, రిస్క్ గురించి మళ్ళీ ఉపన్యాసం ఇచ్చినా తలకెక్కదు. కాబట్టి అతని మాటే తీసుకున్నాను. "సరే, మూయలేదు అనుకుందాం, ఆరు లాట్లూ ఉంచేశావు అనుకుందాం, మంగళవారం నిమిష నిమిషం నీ అకౌంట్ ఎలా ఉంటుందో లెక్క వేద్దాం" అన్నాను. పెన్ను అతని చేతికే ఇచ్చాను.

నిఫ్టీ 21,281 దగ్గర ఉన్నప్పుడు 22,500 పుట్‌కి ఇంట్రిన్సిక్ వాల్యూనే, అంటే స్ట్రైక్‌కీ నిఫ్టీకీ ఉన్న తేడానే 1,219, మిగిలిన టైమ్ వాల్యూ వదిలేద్దాం. 90కి అమ్మాడు కాబట్టి క్వాంటిటీకి 1,129 నష్టం, 150కి 1,69,350. అంటే అకౌంట్‌లో మిగిలేది లక్షన్నర. కానీ ఆరు లాట్లు పట్టుకుని ఉండటానికి మార్జినే 3 లక్షలు కావాలి, వోలటిలిటీ పెరిగిన రోజు అది ఇంకా పెరుగుతుంది. మార్జిన్ అంత తక్కువైతే బ్రోకర్ రిస్క్ టీమ్ మనని అడగదు, పొజిషన్ వాళ్ళే మూసేస్తారు, అదీ మంచి ధర చూసి కాదు. అంటే "ఊరికే ఉండుంటే" అన్న దారి అతనికి అసలు లేదు. ఉంటే లక్ష కాదు, లక్షా డెబ్బై వేల దగ్గర బయటికి గెంటేసేవాళ్ళు. గురువారం సున్నా అయిన పుట్‌ని చూసే అవకాశం ఆరు లాట్లు వేసిన సోమవారం మధ్యాహ్నమే పోయింది.

తర్వాత అదే లెక్క ఒక్క లాట్‌కి వేయమన్నాను. 25 క్వాంటిటీ, అన్నిటికంటే కింద చోట నష్టం 28,225. అది కూడా క్యాపిటల్‌లో తొమ్మిది శాతం దగ్గర, చిన్నది కాదు. కానీ అకౌంట్ బతికుంటుంది, మార్జిన్ కాల్ రాదు, నిర్ణయం అతని చేతిలోనే ఉంటుంది. అతను ఆ రెండు అంకెలూ చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. వ్యూ ఒకటే, స్ట్రైక్ ఒకటే, మార్కెట్ ఒకటే, తేడా అంతా లాట్లలో ఉంది అని తనే అన్నాడు. నేను అనిపించలేదు.

ఇంకో మెట్టు దిగాం. రాత్రంతా కౌంటింగ్ రిస్క్ ఉంచుకుని అమ్మాలంటే స్టాప్‌ని నమ్ముకోకూడదు, నష్టానికి గోడ ముందే కట్టాలి, అంటే కింద ఇంకో పుట్ కొనాలి. 22,400 పుట్ 75కి కొన్నామనుకుందాం. చేతికి వచ్చేది 15, రెండు స్ట్రైక్‌ల మధ్య దూరం 100, కాబట్టి ఎంత పడినా నష్టం 85కి మించదు, లాట్‌కి 2,125. ఇది 3,200 లోపలే ఉంది, ఒక లాట్ వేయొచ్చు. లాభం ఎంత? 15 చొప్పున 25కి 375 రూపాయలు, అందులో రెండు ఆర్డర్ల బ్రోకరేజ్ తీసేయాలి. అతను నవ్వేశాడు, "దీనికోసం ఎవరు రిస్క్ తీసుకుంటారు అన్నా" అన్నాడు. అదే కదా. రిస్క్‌ని నిజాయితీగా లెక్క కడితే ఆ ట్రేడ్ అతని క్యాపిటల్‌కి లేనే లేదు. 13,500 కనబడింది అంటే కనబడకుండా ఉన్న నష్టాన్ని లెక్కలోంచి తీసేసినందువల్లే కనబడింది.

ఏది పని చేసింది

ఆ సాయంత్రం తర్వాత చేసిన మార్పులు చూడ్డానికి చాలా సాదాగా ఉంటాయి. ఒక్కోటీ ఎందుకు పెట్టామో చెప్తాను.

మొదటిది షీట్ వరస మార్చాం. ఇంతకుముందు అతని షీట్‌లో ఎంట్రీ, టార్గెట్, క్వాంటిటీ, చివర్లో స్టాప్ ఉండేవి. ఇప్పుడు మొదటి గడిలో అన్నిటికంటే చెడ్డ ఎగ్జిట్ ధర. ట్రిగర్ ధర కాదు, లిమిట్ ధర. ఉదాహరణకి 140 దగ్గర కాల్ కొంటున్నాడు, చార్ట్ ప్రకారం ఐడియా తప్పయ్యే చోట ప్రీమియం 110 ఉంటుంది. ట్రిగర్ 110 పెట్టి లిమిట్ 100 పెట్టాలి, ధర దూకినా ఆర్డర్ పూర్తయ్యేలా. అప్పుడు చెడ్డ ఎగ్జిట్ 100, దూరం 40, లాట్‌కి 1,000. క్యాపిటల్ 2.19 లక్షలు, ఒక శాతం 2,190. కాబట్టి రెండు లాట్లు. ఇవన్నీ నిండాకే టార్గెట్ గడి నింపాలి. టార్గెట్ ముందు రాసిన మనిషి ఆ లాభాన్ని అప్పటికే ఖర్చుపెట్టేసి ఉంటాడు, తర్వాత రాసే క్వాంటిటీని ఆ ఊహే నింపుతుంది. ఇతనిలో అది స్పష్టంగా చూశాను.

రెండోది డబ్బు జరిపాం. ట్రేడింగ్ అకౌంట్‌లో లక్ష ఉంచి మిగతాది బ్యాంకుకి పంపించేశాడు. లెక్కలో క్యాపిటల్ 2.19 లక్షలే, కానీ చేతికి అందేది లక్ష. ఇది గుణపాఠాల వల్ల కాదు, మొదటి ప్రయత్నంలో "మూడు లాట్లు ఆట వస్తువు" అన్నాడు చూడండి, ఆ చేతికి అడ్డం పెట్టడానికి. అయినా లక్షతో కూడా 140 కాల్ 28 లాట్లు కొనొచ్చు, అందుకని ఇదొక్కటే సరిపోదు. క్లబ్‌లో ఇంకో మెంబర్‌తో జత కట్టాం. ఆర్డర్ వేసే ముందు షీట్ ఫోటో అతనికి వెళ్ళాలి. అవతలి మనిషి ట్రేడ్ మంచిదా చెడ్డదా చెప్పకూడదు, మా క్లబ్‌లో టిప్స్ ఇవ్వడం లేదు, లాట్లు లెక్క ప్రకారం ఉన్నాయా లేదా అన్నది మాత్రం చూడాలి.

మూడోది రోజు హద్దు. రెండు స్టాప్‌లు కొడితే ఆ రోజుకి బ్రోకర్ యాప్‌లో కిల్ స్విచ్ నొక్కి సెగ్మెంట్ ఆపేయాలి. అతని పాత నోట్స్‌లో పెద్ద నష్టాలు ఎక్కువగా రోజులో మూడో ట్రేడ్ తర్వాతే ఉన్నాయి, పోయింది తిరిగి లాగాలన్న కసితో వేసినవి.

జూలై నుంచి అతను ఇలా చేశాడు. లాభాలు కురిశాయని అనుకోకండి. ఏడాది చివరికి అకౌంట్ దాదాపు ఎక్కడుందో అక్కడే ఉంది, కొంచెం అటూ ఇటూ. పది ట్రేడ్లలో గెలుపు ఏడు నుంచి ఐదుకి తగ్గింది, ఎందుకంటే చిన్న లాభాలకి తొందరపడి మూయడం తగ్గింది. కానీ ఒక్క ట్రేడ్ కూడా క్యాపిటల్‌లో ఒకటిన్నర శాతం దాటి పోలేదు. లోన్ వాయిదా జీతంలోంచి కట్టుకుంటూ ఉన్నాడు, ట్రేడింగ్‌లోంచి తీయాలన్న ఒత్తిడి లేకుండా చేసుకున్నాడు, దాని వల్ల కూడా చేయి స్థిరపడిందని నా అభిప్రాయం.

నాకు కేస్ కుదిరిందని నమ్మకం వచ్చింది మాత్రం ఇంకో సందర్భంలో. సెబీ 2024 అక్టోబర్‌లో రూల్స్ మార్చి ఇండెక్స్ కాంట్రాక్ట్ కనీస విలువ 15 లక్షలకి పెంచింది, దాంతో నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది. అతను షీట్ నింపాడు. అదే 40 పాయింట్ల దూరం, 75కి 3,000. అతని హద్దు 2,190 దగ్గరే ఉంది. లాట్లు సున్నా.

మొదట పాత అలవాటు తల ఎత్తింది, "స్టాప్ 28 పాయింట్లకి తెస్తే 2,100, ఒక లాట్ పడుతుంది అన్నా" అని మెసేజ్ పెట్టాడు. నేను జవాబు రాసేలోపే ఇంకో మెసేజ్ వచ్చింది, "వద్దులే, మళ్ళీ ఏడు పాయింట్ల కథ అవుతుంది" అని. క్యాష్ సెగ్మెంట్‌కి మారాడు. అక్కడ లాట్ గోల లేదు, 640 షేర్ కొని 610 దగ్గర బయటికి రావాలంటే షేర్‌కి 30, 2,100ని 30తో భాగిస్తే 70 షేర్లు, 44,800 పెట్టుబడి, లెక్క సరిగ్గా పడుతుంది. రాత్రి గ్యాప్ రిస్క్ ఇక్కడా ఉంది, రిజల్ట్స్ రోజు స్టాప్‌ని దాటేసి తెరుచుకునే షేర్లు ఉంటాయి, అందుకని రిజల్ట్స్ ముందు రోజు పొజిషన్ ఉంచుకోడు లేదా సగం చేస్తాడు.

ఈ కేస్ నుంచి క్లబ్‌లో ఏం మార్చాం

ఒక్క శాతం రూల్‌ని ఇప్పుడు కొత్తవాళ్ళకి వాక్యంలా చెప్పడం లేదు. మొదటి రోజే ప్రతి ఒక్కరి చేత వాళ్ళ పాత ట్రేడ్ ఒకటి తెప్పించి, చెడ్డ ఎగ్జిట్ ధర నుంచి మొదలుపెట్టి లాట్ల దాకా లెక్క కట్టిస్తున్నాం. చాలామందికి వచ్చే జవాబు వాళ్ళు వేసిన దాంట్లో ఐదో వంతు, పదో వంతు ఉంటుంది, కొందరికి సున్నా వస్తుంది. సున్నా వచ్చినవాళ్ళు ముందు లెక్కలో ఏదో తప్పుందనుకుంటారు, రెండోసారి కడతారు. కట్టనిస్తాం.

లాభంతో ముగిసిన ట్రేడ్ కూడా సమీక్షకి తెమ్మంటున్నాం, రూల్ మీరి గెలిచినదైతే తప్పకుండా. ఆ ట్రేడ్‌లో మధ్యలో అన్నిటికంటే చెడ్డ నిమిషంలో అకౌంట్ ఎక్కడుందో రాయాలి, చివర్లో ఎంత వచ్చిందన్నది తర్వాత. జూన్ 6న సున్నా అయిన పుట్‌ని సోమవారం ఒక లాట్ అమ్మినవాళ్ళకీ ఆరు లాట్లు అమ్మినవాళ్ళకీ వ్యూ ఒకటేనని ముందే చెప్పాను కదా, ఈ సమీక్షలో అలాంటివే బయటపడతాయి.

ఇంక ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ పద్ధతి ఎవరికీ మార్కెట్‌లో ఎడ్జ్, అంటే మిగతావాళ్ళ మీద పైచేయి, ఇవ్వదు. ఏ షేర్ పెరుగుతుందో, ఏ స్ట్రైక్ నిలుస్తుందో ఇది చెప్పదు. తన సెటప్‌కి సత్తా ఉందో లేదో తేలడానికి కావాల్సినన్ని ట్రేడ్లు చేసేంతవరకు డబ్బు మిగిలేలా చూస్తుంది, అంతవరకే. ఈ మెంబర్ విషయంలో ఆప్షన్స్ సెటప్‌కి పెద్ద సత్తా లేదని ఆరు నెలల్లో తేలింది, దాని ఖరీదు కొన్ని వేలు అయింది, లక్షలు కాలేదు. క్యాష్ సెగ్మెంట్ సంగతి ఇంకా తేలలేదు, ట్రేడ్లు చాలినన్ని కాలేదు. షీట్ మాత్రం రోజూ వస్తోంది, ఇప్పుడు అతనే ఒక కొత్త మెంబర్ షీట్ చూసే జతగాడు.